మిరప ఎగుమతికి తొలి ఉత్తరం ఎలా రాయాలి?

ప్రశ్న: అయ్యా, మాది ఖమ్మం జిల్లాలోని మిరప రైతుల ఉత్పత్తిదారుల కంపెనీ. ఎగుమతి కోడ్, స్పైసెస్ బోర్డు నమోదు, ఆహార భద్రతా లైసెన్సు తీసుకున్నాం. కోల్డ్ స్టోరేజిలో 14 టన్నుల తేజ మిరప ఉంది. నెదర్లాండ్స్‌లోని మసాలా దినుసుల దిగుమతిదారులకు మా కంపెనీని పరిచయం చేస్తూ, అన్ని రకాల మేలైన సరుకు ఎంత కావాలన్నా తక్కువ ధరకు పంపగలమని ఉత్తరం రాశాం. ఒక్కరూ జవాబివ్వలేదు. లోపం ఎక్కడుంది? ఎలా రాయాలి?
— ఒక డైరెక్టరు, ఖమ్మం జిల్లా

సమాధానం: మీ ఉత్తరంలో తప్పు మాట ఏదీ లేకపోయినా, జవాబు ఇవ్వడానికి వీలైన మాట కూడా ఏదీ లేదు. దిగుమతిదారు దగ్గర మిరప కొనే మనిషి ఉత్తరం తెరిచిన వెంటనే వెతికేవి కొన్నే ఉంటాయి. అది ఏ రకం కాయ, ఎంత ఉంది, పరీక్షలో ఏం తేలింది, ఏ రేవులో ఏ ధరకు ఇస్తారు, డబ్బు ఎలా అడుగుతారు అన్నవే అవి. కంపెనీ ఎప్పుడు పుట్టింది, ఎంతమంది సభ్యులున్నారు అన్నవి తర్వాత చూసుకుంటాడు. అన్ని రకాలూ ఎంత కావాలన్నా ఇస్తామని చెప్పిన వారిని అతడు సొంత సరుకు లేని మధ్యవర్తిగానే లెక్కవేస్తాడు. నిజానికి మీ బలం వేరే చోట ఉంది. ఏ రైతు చేలో పండిందో చెప్పగలిగిన 14 టన్నుల సరుకు మీ చేతిలో ఉంది. ఉత్తరం ఆ సరుకు గురించే, ఆ ఒక్క లాటు గురించే రాయండి.

ఐరోపా కొనుగోలుదారుకు పరీక్ష నివేదిక మీద అంత పట్టింపు ఎందుకో ముందు చెబుతాను, ఎందుకంటే ఉత్తరంలో ఏ వాక్యం ఎందుకు ఉండాలో దానివల్లే తెలుస్తుంది. 2003లో భారతదేశం నుంచి వెళ్లిన మిరప ఉత్పత్తుల్లో, ఆహారంలో వాడకూడని సుడాన్ అనే కృత్రిమ రంగు బయటపడింది. 2005లో బ్రిటన్‌లో ఆ రంగు కలిసిన కారం వాడిన వందల రకాల ఆహార పదార్థాలను దుకాణాల నుంచి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఐరోపా సమాఖ్యలో సరుకును మార్కెట్లోకి తెచ్చిన దిగుమతిదారే దాని భద్రతకు చట్టం ముందు బాధ్యుడు. పరీక్షలో సరుకు తప్పితే ఆ సంగతి ఆహార హెచ్చరికల వ్యవస్థలో నమోదై, ఏ దేశపు సరుకు ఎందుకు తప్పిందో అందరికీ కనిపిస్తుంది. కొత్త ఎగుమతిదారు నుంచి వచ్చిన ఉత్తరం అతడికి అవకాశం కంటే ముందు ఒక ప్రమాదంలా కనిపించడానికి కారణం ఇదే. ఆ భయాన్ని తగ్గించే సమాచారం మొదటి పేరాలోనే ఉండాలి.

కాబట్టి ఉత్తరం కంటే ముందు లాటు సిద్ధం కావాలి. మీ 14 టన్నులు పలువురు రైతుల బస్తాలు కలిసిన సరుకు అయి ఉంటుంది. తాలు కాయ, రంగు మారిన కాయ ఏరించి, తొడిమ తీయించి, ఒకే నాణ్యతకు తెచ్చి, ఒక లాటు నంబరు ఇవ్వండి. ఏ బస్తా ఏ రైతుదో రిజిస్టరులో ఉండనివ్వండి. బస్తాల్లో కుక్కేటప్పుడు కాయ విరగకుండా నీళ్లు చల్లే అలవాటు మన ప్రాంతంలో ఉంది. ఈ లాటుకు మాత్రం చుక్క నీరు కూడా తగలనివ్వకండి. తేమ 11 శాతం లోపు ఉండేలా చూసుకోండి. అఫ్లాటాక్సిన్ అనే బూజు విషానికి మొదలు ఆ తడిలోనే ఉంటుంది. మిరపలో అఫ్లాటాక్సిన్ బీ1 కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లాటాక్సిన్లు 10 మైక్రోగ్రాములు దాటకూడదన్నది ఐరోపా సమాఖ్య పరిమితి. కొనుగోలుదారు చాలాసార్లు ఇంకా తక్కువే కోరతాడు.

నమూనా తీయడంలోనే చాలామంది దెబ్బతింటారు. అఫ్లాటాక్సిన్ సరుకంతటా సమానంగా పరుచుకుని ఉండదు. ఎక్కడో కొన్ని కాయల్లో ఎక్కువగా ఉండి, మిగతా కాయల్లో అసలు ఉండకపోవచ్చు. పై వరుసలోని రెండు బస్తాల నుంచి చూడముచ్చటైన కాయ తీసి పరీక్షకు పంపితే నివేదిక బాగానే వస్తుంది, రాటర్‌డ్యామ్‌లో అధికారులు తీసిన నమూనా మాత్రం వేరే మాట చెబుతుంది. అందువల్ల లాటు పొడవునా, వేర్వేరు వరుసల్లోని అనేక బస్తాల నుంచి, బస్తా పైన, నడుమ, అడుగున కొద్దికొద్దిగా తీసి, అంతా కలిపి, అందులోంచి ప్రయోగశాలకు వెళ్లే నమూనా వేరు చేయండి. ఆ నమూనాను ప్రయోగశాల సిబ్బందే వచ్చి తీసుకుంటే ఇంకా మంచిది, ఎందుకంటే నమూనా తామే తీశామని నివేదికలో రాస్తారు, కొనుగోలుదారు ఆ వాక్యం కోసం చూస్తాడు. గుంటూరులో స్పైసెస్ బోర్డు ప్రయోగశాల ఉంది. ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ప్రైవేటు ప్రయోగశాలలు కూడా ఈ పరీక్షలు చేస్తాయి. నివేదిక మీద మీ లాటు నంబరు తప్పకుండా ఉండేలా అడగండి. నంబరు లేని నివేదిక ఏ సరుకుకైనా చెందవచ్చు.

పురుగుమందుల అవశేషాల సంగతి దీనికంటే కష్టమైనది. 2021లో ఖమ్మం, గుంటూరు ప్రాంతాల మిరప తోటలను నల్ల తామర పురుగు పీడించినప్పటి నుంచి రైతులు పిచికారీలు పెంచక తప్పలేదు. చదువుకున్న కొనుగోలుదారుకు ఈ సంగతి తెలుసు. క్లోర్‌పైరిఫాస్ వంటి మందుకు ఐరోపాలో 2020లోనే అనుమతి రద్దయింది, ఇప్పుడు దాని పరిమితి కిలోకు 0.01 మిల్లీగ్రాములే. ఇంకో చిక్కు ఏమిటంటే, అక్కడ మిరపకు చాలా మందుల పరిమితి పచ్చికాయను బట్టి నిర్ణయించారు. కాయ ఎండితే నీరు పోయి అవశేషం చిక్కబడుతుంది కనుక, ఎండుకాయలో తేలిన అంకెను ఒక గుణకంతో సరిచేసి చూస్తారు. ఆ గుణకం ఎంత తీసుకుంటారో కొనుగోలుదారునే అడగాలి. ఈ ప్రశ్న మీ తొలి ఉత్తరంలోనే ఉంటే, మిరప ఎగుమతి తెలిసినవారు రాశారని అతడికి వెంటనే అర్థమవుతుంది.

అవశేషాల పరీక్షలో లాటు ఐరోపా పరిమితి దాటితే, ఆ లాటు గురించి నెదర్లాండ్స్‌కు ఉత్తరం రాయవద్దు. మాటల పొందిక ఎంత బాగున్నా ఆ అంకె మారదు. తేజకు చైనా, థాయిలాండ్, మలేషియా, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలో పెద్ద గిరాకీ ఉంది. ఆయా దేశాలకు తమ పరిమితులున్నాయి కాబట్టి వాటినీ సరిచూసుకునే రాయాలి. ఈ ఏడాది పిచికారీల రికార్డు ఉన్న రైతుల బస్తాలను మాత్రమే వేరు చేసి, ఐదారు టన్నుల చిన్న లాటుగా మళ్లీ పరీక్ష చేయించడం కూడా ఒక దారి.

ఇక ధర. తక్కువ ధర అని రాయడం కంటే ఒక అంకె రాయడం మేలు, ఆ అంకె ఎలా వచ్చిందో మీకు తెలిసి ఉండాలి. లెక్క విధానం అర్థమయ్యేందుకు ఊహా ధరలతో ఒకటి చూపుతాను, మీ అంకెలు వేసి మళ్లీ చేసుకోండి. మార్కెట్లో తొడిమ ఉన్న కాయ కిలో 150 రూపాయలు అనుకుందాం. తొడిమ, తాలు, తేమ తరుగు పోగా నూరు కిలోలకు 88 కిలోలు చేతికి వస్తే, అసలు కాయ ధర కిలోకు 170 రూపాయల 50 పైసలు అవుతుంది. చాలామంది ఈ తరుగు మరిచి 150 మీదే లెక్క మొదలుపెడతారు. ఏరివేత, తొడిమ కూలికి 10, సంచి, ప్యాకింగుకు 3, విశాఖ రేవు వరకు రవాణాకు, రేవు ఖర్చులకు, కస్టమ్స్ ఏజెంటుకు కలిపి ఆరున్నర, పరీక్షలు, ధ్రువపత్రాలు, బ్యాంకు ఖర్చు, వడ్డీ కలిపి 4 రూపాయలు వేస్తే 194 అవుతుంది. మీ మిగులు 10 రూపాయలైతే 204. డాలరు 85 రూపాయలు అనుకుంటే అది కిలోకు 2.40 డాలర్లు, అంటే టన్నుకు 2,400 డాలర్లు. ఈ ధరను విశాఖపట్నం ఎఫ్ఓబీ, అంటే సరుకు అక్కడ ఓడ ఎక్కేవరకు అయ్యే ఖర్చులతో కూడిన ధర అని చెప్పండి. ఓడ కిరాయి, బీమా కూడా కలిపి సీఐఎఫ్ ధర ఇవ్వాలన్న ఉబలాటం వద్దు. 2023 చివర ఎర్ర సముద్రంలో దాడులు మొదలయ్యాక ఐరోపా ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చి కిరాయిలు ఎంతగా ఊగాయో చూశాం. కంటైనర్లు వరసగా తెప్పించుకునే దిగుమతిదారుకు మీకంటే మంచి కిరాయి దొరుకుతుంది కూడా.

ధరకు గడువు తప్పకుండా పెట్టండి. మార్కెట్ యార్డులో ధర వారంలో మారిపోతుంది కనుక ఏడు రోజులు సరిపోతుంది. సరుకు మీ చేతిలోనే ఉన్నా గడువు అవసరమే, ఎందుకంటే ఆలోపు అదే సరుకును ఇక్కడ ఎక్కువకు అమ్ముకునే అవకాశం మీరు వదులుకుంటున్నారు.

పరిమాణం దగ్గర కంటైనరు కొలత గుర్తుంచుకోవాలి. ఎండుమిరప తేలిక సరుకు, బరువు రాకముందే చోటు నిండిపోతుంది. యంత్రంతో నొక్కి కట్టిన బేళ్లయితే 20 అడుగుల కంటైనరులో వదులుగా నింపిన దానికి దాదాపు రెట్టింపు పడుతుంది. అయితే నొక్కితే కొన్ని కాయలు విరిగి గింజలు రాలుతాయి. కారం ఆడించే కొనుగోలుదారుకు అది పెద్ద సమస్య కాదు, కాయను పొట్లాల్లో అమ్మేవాడు మాత్రం ఒప్పుకోడు. నొక్కినది కావాలా, వదులుగా నింపినది కావాలా అన్నది అతడు తేల్చాలి, మీరు రెండూ చేయగలమని ఒక్క ముక్కలో చెప్పాలి. 14 టన్నులకు 12 శాతం తరుగు పోతే 12 టన్నుల పైచిలుకు మిగులుతుంది. ఉత్తరంలో 12 టన్నులు అని రాయండి, అంతకు మించి వద్దు.

ఇప్పుడు ఉత్తరం. పంపేటప్పుడు ఇంగ్లీషులో పంపుతారు, మీకు వాక్యాల వరుస తెలియడానికి తెలుగులో ఇస్తున్నాను. లాటు నంబరు, పరీక్ష అంకెలు, ధర ఉదాహరణకు పెట్టినవి మాత్రమే. మెయిల్ విషయం పంక్తి ఇలా ఉండాలి: “తేజ ఎండుమిరప, తొడిమ తీసినది, 12 టన్నులు, లాటు 07, పరీక్ష నివేదికతో”.

“మిరప కొనుగోలు విభాగం వారికి నమస్కారం.

తెలంగాణలోని ఖమ్మం జిల్లాలో మా సభ్య రైతులు ఈ సీజనులో పండించిన తేజ రకం ఎండుమిరప, తొడిమ తీసినది, 12 టన్నులు ఒకే లాటుగా ఖమ్మం శీతల గిడ్డంగిలో సిద్ధంగా ఉంది. లాటు నంబరు 07. లాటంతటి నుంచి ప్రయోగశాల సిబ్బంది తీసిన నమూనాలో కారం 82,000 స్కోవిల్ యూనిట్లు, రంగు 55 ఆస్టా, తేమ 10.4 శాతం, అఫ్లాటాక్సిన్ బీ1 కిలోకు 1.8 మైక్రోగ్రాములు, మొత్తం 2.3 మైక్రోగ్రాములు తేలాయి. సుడాన్ రంగులు కనబడలేదు. ఇథిలీన్ ఆక్సైడ్‌తో శుద్ధి చేయలేదు. పురుగుమందుల అవశేషాల పూర్తి నివేదిక జతచేశాం. ఎండుకాయకు మీరు వాడే గుణకం తెలియజేస్తే ఆ ప్రకారం అంకెలు సరిచూసి పంపుతాం.

ధర టన్నుకు 2,400 అమెరికా డాలర్లు, విశాఖపట్నం ఎఫ్ఓబీ, ఈ మెయిల్ తేదీ నుంచి ఏడు రోజులు. 25 కిలోల సంచుల్లో, నొక్కినవిగా గానీ వదులుగా గానీ పంపగలం. ఆర్డరు ఖరారయ్యాక మూడు వారాల్లో సరుకు రేవు చేరుతుంది. చెల్లింపు 30 శాతం ముందుగా, మిగిలినది మీ బ్యాంకు ద్వారా పత్రాలు అందుకునేటప్పుడు.

ఇది మా సంస్థకు తొలి ఎగుమతి. ప్రతి సంచీ ఏ రైతు పొలం నుంచి వచ్చిందో మా రిజిస్టరులో ఉంది, కోరితే పంపుతాం. ఇదే లాటు నుంచి తీసి సీలు వేసిన ఒక కిలో నమూనాను కొరియరులో పంపమంటారా? చిరునామా, మీ నాణ్యత పత్రం పంపితే చాలు.”

తొలి ఎగుమతి అన్న మాట చూసి మీరు సంకోచించవచ్చు. దాచవద్దు. కొనుగోలుదారు మీ నుంచి పాత రవాణాల వివరాలు అడుగుతాడు, అప్పుడు బయటపడటం కంటే ముందే చెప్పి, దాని పక్కనే రైతు వారీ రికార్డు ఉందని చూపడం మేలు. అయితే ఆ రికార్డు నిజంగా ఉండాలి. అలాగే సేంద్రియ ధ్రువపత్రం లేకుండా సేంద్రియం అన్న మాట ఉత్తరంలో ఎక్కడా రానివ్వకండి, సహజ పద్ధతిలో పండించాం అన్న మాట కూడా వద్దు. ఐరోపాలో సేంద్రియం అన్నది చట్టం కింద కాపాడబడిన పదం. ధ్రువపత్రం చూపలేకపోతే మీ మిగతా మాటల మీద కూడా నమ్మకం పోతుంది.

ఆస్టా అంటే కాయ రంగు బలాన్ని కొలిచే కొలమానం. తేజ బలం కారంలో ఉంది. రంగు కోసం కొనేవారు బ్యాడిగి రకాన్ని చూస్తారు. తేజ కారం సాధారణంగా 75,000 నుంచి లక్ష స్కోవిల్ యూనిట్ల మధ్య ఉంటుంది కనుక, మీ అంకె ఆ పరిధికి దూరంగా వస్తే అది కలగలుపు రకమేమో ముందు మీరే చూసుకోండి. రకం పేరు రాసి అంకె వేరే రకానిదైతే కొనుగోలుదారు దాన్ని కల్తీగానే చూస్తాడు.

చెల్లింపు వాక్యం గురించి కొంచెం విడమరచాలి. పత్రాల మీద చెల్లింపు అంటే, ఓడ రసీదుతో సహా పత్రాలన్నీ మీ బ్యాంకు అతడి బ్యాంకుకు పంపుతుంది, డబ్బు కట్టాకే అతడికి ఆ పత్రాలు దక్కుతాయి, అవి లేకుండా సరుకు విడిపించుకోలేడు. ఇందులో మిగిలే ప్రమాదం ఒకటే, అతడు పత్రాలు తీసుకోకపోతే సరుకు రాటర్‌డ్యామ్ రేవులో నిలిచిపోయి రోజువారీ అద్దె పెరుగుతుంది. ముందుగా తీసుకునే 30 శాతం ఆ ప్రమాదం నుంచి రక్షణ. అతడు ముందస్తు 20 శాతం ఇస్తానంటే ఒప్పుకోవచ్చు. మొత్తం సరుకు అందాక ఇస్తానంటే, తొలి కంటైనరుకు అది ఒప్పుకోదగినది కాదు. లెటర్ ఆఫ్ క్రెడిట్ భద్రమైనదే గానీ ఒక్క కంటైనరుకు రెండు వైపులా బ్యాంకు ఖర్చు బరువవుతుంది. పత్రాల్లో ఒక అక్షరం తేడా వచ్చినా బ్యాంకు అభ్యంతరం పెడుతుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన ఈసీజీసీ ఎగుమతి బకాయిలకు బీమా ఇస్తుంది. ఆర్డరు ఖరారు చేసేముందు ఆ కొనుగోలుదారు పేరు వారికిచ్చి, బీమా పరిమితి ఎంత ఇస్తారో అడగండి. ఆ అంకె కొనుగోలుదారు పరిస్థితి గురించి మీకు చాలా చెబుతుంది.

ఉత్తరం ఎవరికి వెళ్లాలన్నది కూడా ముఖ్యమే. సాధారణ చిరునామాకు పంపిన మెయిల్ చాలావరకు అక్కడే ఆగిపోతుంది. మిరపను, మసాలా దినుసులను కొనే అధికారి ఎవరో ఆ కంపెనీకి ఫోను చేసి అడిగితే చాలామంది చెబుతారు. నివేదిక తప్ప మరేమీ జతచేయవద్దు, సభ్యుల ఫొటోలు, కంపెనీ పుస్తకం, ధ్రువపత్రాల కట్ట అడిగినప్పుడు పంపవచ్చు. ఒకే మెయిల్‌ను అందరికీ కనిపించేలా పది కంపెనీలకు పంపడం మాత్రం అసలు చేయకండి. లాటు ఒక్కటే ఉన్నప్పుడు ఒకసారికి ఇద్దరు ముగ్గురికి, విడివిడిగా రాయండి. ఇద్దరూ ఒప్పుకుంటే ఎవరికి ఇవ్వాలన్న చిక్కు వస్తుంది కాబట్టి, సరుకు అమ్ముడుపోలేదన్న షరతుకు లోబడే ఈ ధర అన్న ముక్క ధర వాక్యానికి చేర్చండి.

పది రోజులకు జవాబు రాకపోతే ఒకసారి గుర్తుచేయండి, ఆ గుర్తుచేసే మెయిల్‌లో కొత్త సమాచారం ఉండాలి. ధర మారితే మారిన ధర, లాటులో కొంత అమ్ముడైతే మిగిలిన పరిమాణం రాయండి. ఆ తర్వాత కూడా మౌనమే అయితే, ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొత్త పంట యార్డుకు వచ్చేటప్పుడు కొత్త లాటుతో, కొత్త నివేదికతో రాయండి. పాత నివేదికను కొత్త సీజనుకు వాడవద్దు.

నమూనా పంపమని జవాబు వస్తే, పరీక్షకు తీసిన మొత్తం నమూనాలోంచే ఒక కిలో తీసి, తేమ చొరని సంచిలో సీలు వేసి, పైన లాటు నంబరు, తేదీ రాసి పంపండి. అదే నమూనా నుంచి మరో రెండు కిలోలు అలాగే సీలు వేసి, లాటు పక్కనే గిడ్డంగిలో దాచండి. కంటైనరు చేరాక సరుకు నమూనాకు సరిపోలేదని అతడు అభ్యంతరం చెబితే, మీ దగ్గర చూపడానికి ఉండేది ఆ రెండు కిలోలే. కంటైనరు నింపేటప్పుడు మళ్లీ ఒక నమూనా తీసి దానికీ సీలు వేయండి. పూర్తి డబ్బు చేతికొచ్చి, అక్కడి పరీక్షలు ముగిసే వరకు రెండింటినీ కదిలించవద్దు.